వోడ్కా అని చెప్పి టానిక్ ఇస్తే: మత్తునీ నమ్మకాన్నీ విడదీసిన ప్రయోగాలు

ఫంక్షన్లో ఎవరైనా నోరు జారితే పక్కనున్నవాళ్లు సర్దిచెప్పే మాట ఒకటుంది: "వాడు కాదు మాట్లాడేది, లోపల పడిన మందు మాట్లాడుతోంది." ఆ మాటలో నిజమెంత? గొడవ పెట్టించింది రక్తంలో కలిసిన ఆల్కహాలా, లేక "నేను తాగాను" అన్న ఎరుకా? మామూలు జీవితంలో దీనికి జవాబు దొరకదు. తాగిన ప్రతివాడికీ తాను తాగానని తెలుసు. మత్తూ, ఆ మత్తు గురించిన నమ్మకమూ ఎప్పుడూ ఒకే గ్లాసులో కలిసే వస్తాయి.

మందులను పరీక్షించే మామూలు పద్ధతి కూడా ఈ ముడిని పూర్తిగా విప్పదు. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తి పిండిబిళ్ల ఇస్తారు. ఎవరికి ఏది అందిందో ఇచ్చేవాళ్లకీ తెలియదు, పుచ్చుకునేవాళ్లకీ తెలియదు. ఆ పిండిబిళ్లే ప్లాసిబో. ఈ పద్ధతి చాలా ఉపయోగపడుతుంది, కాకపోతే ఇందులో అందరి మనసులోనూ ఒకే సందేహం ఉంటుంది: "నాకు అసలుది వచ్చిందో లేదో." కాఫీ కప్పు చేతిలో ఉన్నవాడికి అలాంటి సందేహమేమీ ఉండదు, అది కాఫీ అని వాడికి నూటికి నూరుపాళ్లు తెలుసు. ఆ నిశ్చయం వల్ల ఒంట్లో ఏం మారుతుందో కొలవాలంటే పరీక్షను వేరేలా కట్టాలి.

దానికి 1962లో రాస్, క్రుగ్‌మన్, మరి ఇద్దరు సహచరులు ఒక నమూనా ప్రతిపాదించారు. ఇచ్చేది ఒకటి, చెప్పేది మరొకటి. ఆ రెండింటినీ విడివిడిగా మారుస్తూ పోతే నాలుగు గదులు వస్తాయి. మొదటి గదిలో వాళ్లకు మందని చెప్పి మందే ఇస్తారు. రెండో గదిలో మందని చెప్పి ఉత్తిది ఇస్తారు. మూడో గదిలో ఉత్తిదని చెప్పి మందు ఇస్తారు. నాలుగో గదిలో ఉత్తిదని చెప్పి ఉత్తిదే ఇస్తారు. మొదటి రెండు గదుల్లోని వాళ్లను చివరి రెండు గదుల్లోని వాళ్లతో పోలిస్తే నమ్మకం చేసే పని బయటపడుతుంది. ఒకటి, మూడు గదులను రెండు, నాలుగు గదులతో పోలిస్తే మందు చేసే పని బయటపడుతుంది. లెక్క ఇంత సులువు. అమలు చేయడం మాత్రం చాలా కష్టం, ముఖ్యంగా మూడో గది దగ్గర. ఎందుకో తర్వాత చూద్దాం.

ఈ నమూనాకు పేరు తెచ్చిన ప్రయోగం 1973లో ఆలన్ మార్లాట్, బార్బరా డెమింగ్, జాన్ రీడ్ చేసినది. అప్పటికి అమెరికాలో మద్యవ్యసనం గురించి గట్టిగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. వ్యసనపరుడి ఒంట్లో ఒక్క గుటక ఆల్కహాల్ పడితే చాలు, లోపల ఏదో రసాయన ప్రక్రియ మొదలై వాడిక ఆగలేడని. అదే నిజమైతే ఆ గుటకలో ఆల్కహాల్ ఉన్నట్టు వాడికి తెలియకపోయినా తాగుతూనే ఉండాలి. ఆల్కహాల్ లేకపోతే, ఉందని వాడు ఎంత నమ్మినా, ఆగిపోగలగాలి. నాలుగు గదుల నమూనాకు ఇంతకంటే తగిన ప్రశ్న దొరకదు.

ఆ ప్రయోగంలో 32 మంది వ్యసనపరులు, 32 మంది అప్పుడప్పుడూ తాగేవాళ్లు పాల్గొన్నారు. అందరూ మగవాళ్లే. వ్యసనపరులు అప్పటికింకా తాగుతున్నవాళ్లు. వాళ్లకు చెప్పింది రుచి పరీక్ష అని. ఎదురుగా పానీయాలు పెట్టి, వాటిని పోల్చి, రుచి ఎలా ఉందో చెప్పమన్నారు, కావలసినంత తాగొచ్చన్నారు. పరిశోధకులకు వాళ్లు చెప్పే రుచితో పనే లేదు. ఎంత తాగారన్నదే వాళ్లు రహస్యంగా కొలిచింది.

మోసం నిలబడాలంటే రుచి పట్టివ్వకూడదు. వోడ్కాను ఎంచుకున్నది అందుకే, దానికి వాసన తక్కువ. టానిక్ వాటర్‌కి సహజంగా చేదు ఉంటుంది కాబట్టి ఆ చేదులో వోడ్కా ఘాటు కలిసిపోతుంది. ఒక వంతు వోడ్కాకి ఐదు వంతుల టానిక్ కలిపితే మనుషులు తేడా పట్టలేరని ముందే పరీక్షించి చూసుకున్నారు. వోడ్కా అని చెప్పి ఉత్తి టానిక్ ఇవ్వాల్సినవాళ్ల కోసం, గ్యాస్ పోయిన టానిక్‌ని వోడ్కా సీసాల్లో నింపి, వాళ్ల కళ్ల ముందే కలిపారు. గ్యాస్ ఉంటే బుడగలు గుట్టు బయటపెడతాయి కదా. ఆ తర్వాత వచ్చిన ప్రయోగాల్లో ఈ నాటకం ఇంకా ముదిరింది. గ్లాసు అంచుకు రెండు చుక్కల వోడ్కా రాయడం, నోరు పుక్కిలించడానికి మౌత్‌వాష్ ఇచ్చి నాలుకను మొద్దుబార్చడం, ఊదించే యంత్రంలో అబద్ధపు అంకె చూపించడం. మార్లాట్ తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఏకంగా ఒక బార్‌నే ప్రయోగశాలగా కట్టించాడు. మసక దీపాలతో, కౌంటరుతో, అచ్చం బయటి బార్‌లాగే.

ఇక ఫలితం. తాము తాగుతున్నది ఉత్తి టానిక్ అనుకున్న వ్యసనపరులు సగటున 10, 11 ఔన్సుల మధ్య తాగారు, అంటే 300 మిల్లీలీటర్లు దాటి కొంచెం. వోడ్కా అనుకున్నవాళ్లు 22 నుంచి 24 ఔన్సులు, అంటే 650 నుంచి 700 మిల్లీలీటర్లు తాగారు. రెట్టింపు. గ్లాసులో నిజంగా వోడ్కా ఉందా లేదా అన్నదానికి ఈ తేడాతో చెప్పుకోదగ్గ సంబంధమేమీ కనిపించలేదు. టానిక్ అని నమ్ముతూ వోడ్కా తాగినవాళ్లు ఆగిపోయారు. వోడ్కా అని నమ్ముతూ టానిక్ తాగినవాళ్లు ఆగలేదు. అప్పుడప్పుడూ తాగేవాళ్లలోనూ ధోరణి ఇదే, పరిమాణం తక్కువంతే.

ఈ ప్రయోగం చెప్పనిది కూడా ఒకటుంది, దాన్ని కలిపి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఇది కాసేపట్లో ముగిసిన రుచి పరీక్ష. వ్యసనపరుడు రెండు గుటకలు తాగి హాయిగా ఆపేయగలడని ఇది రుజువు చేయలేదు. "వ్యసనం అంతా మనసులోనే ఉంది" అనీ చెప్పలేదు. మొదటి గుటక తర్వాత రెండో గుటకకు తోసేది గుటకలోని రసాయనం ఒక్కటే అన్న వాదన ఇక్కడ నిలబడలేదు. అంతవరకే. ఏళ్ల తరబడి తాగిన ఒంటికి ఒక్కసారిగా ఆల్కహాల్ ఆగిపోతే వచ్చే వణుకు, మూర్ఛ, మతిభ్రమ పూర్తిగా శరీరానివి. వాటిలో ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ధైర్యం చెప్పో, మోసం చేసో వాటిని ఆపలేం. అలాంటి మనిషి మానాలంటే డాక్టరు పర్యవేక్షణ ఉండి తీరాలి.

రెండేళ్లకు, 1975లో, ఆలన్ లాంగ్ బృందం ఇదే నాటకాన్ని కోపం మీద ఆడింది. 96 మంది తాగే అలవాటున్న మగవాళ్లు. సగం మందిని ఒకతను కావాలని కించపరిచాడు, అతను పరిశోధకుల మనిషే. ఆ తర్వాత అతనికి కరెంటు షాకులిచ్చే అవకాశం వీళ్ల చేతికిచ్చారు. షాకులు ఉత్తుత్తివి, ఆ సంగతి వీళ్లకు తెలియదు. వోడ్కా తాగామని నమ్మినవాళ్లు ఎక్కువ తీవ్రంగా షాకులిచ్చారు, వాళ్ల గ్లాసులో ఉన్నది టానికే అయినా సరే. అదే మనుషులకు ఎంత చురుగ్గా స్పందిస్తారో చూసే పరీక్ష పెడితే లెక్క తిరగబడింది. అక్కడ నమ్మకానికి విలువే లేదు. నిజంగా ఆల్కహాల్ తాగినవాళ్ల చేతులే మందగించాయి, తాము తాగింది టానిక్ అని వాళ్లు అనుకుంటున్నా కూడా.

నాకు ఈ మొత్తం విషయంలో అతి ముఖ్యంగా కనిపించేది ఈ చీలికే. ఒకే సాయంత్రం, ఒకే మనిషి, ఒకే గ్లాసు. అయినా చేతి వేగం రసాయనం మాట వింటోంది, ప్రవర్తన నమ్మకం మాట వింటోంది. 1986లో జే హల్, చార్ల్స్ బాండ్ అప్పటివరకు వచ్చిన ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగట్టినప్పుడు కూడా దాదాపు ఇదే తేలింది. జ్ఞాపకశక్తి, చేతి అదుపు వంటివాటిని దెబ్బతీసేది ఆల్కహాల్. సమాజం మామూలుగా ఒప్పుకోని పనుల విషయంలో, అంటే లైంగిక ఉద్రేకం, ఇంకా ఇంకా తాగడం లాంటివాటిలో, తాగానన్న నమ్మకం గట్టిగా పనిచేస్తుంది. తప్పు చేయాలని ఉన్నవాడికి తాగడం ఒక సాకు ఇస్తుంది. సాకు పనిచేయడానికి గ్లాసులో అసలు సరుకు ఉండాల్సిన అవసరం లేదు.

కోపం సంగతి మాత్రం ఆ మొదటి ఫలితం చూపినంత తేలిగ్గా తేలలేదు. 1990లో బ్రాడ్ బుష్‌మన్, హారిస్ కూపర్ ఇలాంటి ప్రయోగాలను సమీక్షిస్తే, నిజమైన ఆల్కహాల్ దూకుడును పెంచుతోందనీ, ఉత్తి నమ్మకం ఒక్కటే పెంచుతోందనడానికి బలం చాలదనీ కనిపించింది. కాబట్టి "మందు మాట్లాడుతోంది" అన్న మాట పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మరియా టెస్టా బృందం 2006లో ఇంకో చిక్కును ఎత్తిచూపింది. తాగానని నమ్మి, ఒంట్లో మాత్రం ఏ మత్తూ లేని మనిషి కొన్నిసార్లు మరింత జాగ్రత్తపడతాడు. "తాగాను కదా, మాట జారకూడదు" అని తనను తాను పట్టుకుంటాడు. నిజంగా మత్తులో ఉన్నవాడికి ఆ పట్టు సడలుతుంది, ఉత్తి నమ్మకం ఉన్నవాడికి మెదడు చురుగ్గానే ఉంటుంది. అంటే రెండో గదిలో కనిపించేది నమ్మకం తెచ్చిన మార్పు ఒక్కటే కాదు, ఆ నమ్మకానికి మనిషి ఇచ్చే బదులు కూడా. అది ఒకోసారి పూర్తిగా ఎదురు దిశలో ఉంటుంది.

ఇప్పుడు మూడో గది. ఉత్తిదని చెప్పి మందు ఇచ్చే గది. కాస్త ఆల్కహాల్ ఇస్తే మోసం నిలబడుతుంది. మోతాదు పెంచితే ఒళ్లు వేడెక్కుతుంది, తల తేలిపోతుంది, "నాకేదో ఇచ్చారు" అని మనిషికి తెలిసిపోతుంది. అప్పుడు వాడు పేరుకే మూడో గదిలో ఉంటాడు, మనసులో మొదటి గదికి వెళ్లిపోయి ఉంటాడు. అందుకే ఈ నమూనా చిన్న మోతాదుల దగ్గరే నమ్మదగింది. బాగా తాగిన మనిషిలో నమ్మకం వాటా ఎంతో ఈ నాలుగు గదులు చెప్పలేవు. ఇలాంటి అధ్యయనం ఏది చదివినా ఆఖర్లో పాల్గొన్నవాళ్లను "మీకేం ఇచ్చారనుకుంటున్నారు?" అని అడిగారా లేదా అని చూడాలి. అడగకపోతే మిగతా అంకెలను అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదు.

కెఫీన్ దగ్గర పని కాస్త సులువు. కెఫీన్ తీసేసిన కాఫీ, అంటే డికాఫ్, మార్కెట్లో దొరుకుతుంది. రుచిలో, వాసనలో తేడా పట్టడం కష్టం. రోజూ కాఫీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లోపు తలనొప్పి, మబ్బుగా ఉండటం, చిరాకు మొదలవుతాయి. ఉపవాసం రోజు సాయంత్రానికి తల పట్టేయడం మనలో చాలామందికి అనుభవమే. ఆకలి వల్ల అనుకుంటాం, మానేసిన కాఫీకీ అందులో వాటా ఉండొచ్చు. ఈ బాధ నిజమైనది, ఊహ కాదు. రోజూ కెఫీన్‌కు అలవాటుపడిన మెదడు, అది రాకపోయేసరికి ఇచ్చే స్పందన అది.

సిడ్నీ విశ్వవిద్యాలయంలో లూ మిల్స్ బృందం ఈ బాధ మీదే పనిచేసింది. రోజుకు మూడు కప్పులో అంతకు మించో తాగేవాళ్లను 24 గంటలు కాఫీకి దూరంగా ఉంచి, ఎంత ఇబ్బందిగా ఉందో కొలిచి, తర్వాత ఒక కప్పు ఇచ్చి కాసేపటికి మళ్లీ కొలిచారు. 2023లో ప్రచురించిన అధ్యయనంలో మూడు గుంపులున్నాయి. ఒక గుంపుకు డికాఫ్ ఇచ్చి మామూలు కాఫీ అన్నారు. రెండో గుంపుకు డికాఫ్ ఇచ్చి డికాఫ్ అనే చెప్పారు. మూడో గుంపుకు నీళ్లు. మోసపోయిన గుంపుకు బాధ బాగా తగ్గింది, ఇంతవరకు చదివినదాన్ని బట్టి ఇది ఊహించదగ్గదే. కానీ రెండో గుంపుకూ తగ్గింది. మొదటి గుంపుకు తగ్గినంత కాకపోయినా, నీళ్లు తాగినవాళ్లకంటే స్పష్టంగా ఎక్కువ. కప్పులో కెఫీన్ లేదని వాళ్లకు తెలుసు, దీనివల్ల ఒరిగేదేమీ ఉండదని అనుకున్నవాళ్లకూ ఉపశమనం కలిగింది.

ఇక్కడ "నమ్మకం" అన్న ఒక్క మాట సరిపోవడం లేదు. బుర్రతో నమ్మేది ఒకటి, ఒంటికి అలవాటైనది మరొకటి. వేల ఉదయాల్లో డికాక్షన్ వాసన తగిలిన కాసేపటికి తలనొప్పి తగ్గింది. ఆ వాసన, ఆ వేడి, ఆ చేదు, వీటికీ ఉపశమనానికీ మధ్య ఒంట్లో ఒక ముడి పడిపోయింది. కెఫీన్ రాకముందే ఆ ముడి పని మొదలుపెడుతుంది, మనం ఏం అనుకుంటున్నామన్నదానితో దానికి పెద్దగా నిమిత్తం లేదు. కాఫీ తగ్గించుకోవాలనుకునేవాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి. మొదటి రెండు మూడు రోజులు తల పట్టేసినప్పుడు తెలిసి తాగిన డికాఫ్ కూడా కొంత ఆదుకుంటుంది. అయితే ఆ ఉపశమనాన్ని కొలిచింది కాసేపటి వరకే. కెఫీన్ లోటు అక్కడే ఉంటుంది, కొన్ని రోజుల్లో తనంత తానే తగ్గాలి.

క్రిస్ బీడీ 2006లో సైక్లిస్టులతో చేసిన చిన్న ప్రయోగం మరో కోణం చూపిస్తుంది. బాగా శిక్షణ పొందిన ఆరుగురిని మూడుసార్లు 10 కిలోమీటర్లు తొక్కించారు. ఒకసారి ఉత్తిది ఇస్తాం, ఒకసారి మధ్యస్థ మోతాదులో కెఫీన్, ఒకసారి పెద్ద మోతాదులో కెఫీన్ అన్నారు. మూడుసార్లూ ఇచ్చింది ఉత్తిదే. మామూలుగా తొక్కినదానితో పోలిస్తే, ఉత్తిది అనుకున్న రోజు వాళ్ల శక్తి 1.4 శాతం తగ్గింది. మధ్యస్థ మోతాదు అనుకున్న రోజు 1.3 శాతం, పెద్ద మోతాదు అనుకున్న రోజు 3.1 శాతం పెరిగింది. లేని మందుకు మోతాదును బట్టి ఫలితం వచ్చింది! ఆరుగురితో చేసినది కాబట్టి ఆ అంకెలను అక్షరాలా పట్టుకోకూడదు. దీన్ని చూసి కెఫీన్ ఉత్తిదేననీ అనుకోకూడదు, ఆటల్లో కెఫీన్ నిజంగానే పనిచేస్తుందని చాలా పరీక్షలు చూపించాయి. నా దృష్టి ఆగింది ఆ మొదటి అంకె మీద. "ఈ రోజు నీకేమీ లేదు" అన్న మాట మనిషిని మామూలు స్థాయి కంటే కిందికి లాగింది. ఉత్తిది తిన్న గుంపును మనం తటస్థంగా ఉన్నట్టు లెక్కేస్తాం. ఆ గుంపు కూడా తటస్థంగా లేదు.

గంజాయి దగ్గరికి వస్తే ఈ చిక్కులన్నీ ఒకచోట చేరతాయి. ఉత్తి గంజాయి తయారుచేయడం సాధ్యమే. మొక్కలో మత్తెక్కించే ముఖ్య పదార్థం టీహెచ్‌సీ. దాన్ని ద్రావకంతో కడిగి తీసేస్తే చూడటానికి, కాల్చినప్పుడు వాసనకు దాదాపు అలాగే ఉండే ఆకు మిగులుతుంది. అమెరికాలో జేన్ మెట్రిక్ బృందం ఇలాంటి సిగరెట్లతో నాలుగు గదుల ప్రయోగం చేసింది. అసలు సిగరెట్లలో టీహెచ్‌సీ 2.8 శాతం. మూడో గదిని నిలబెట్టాలంటే అంత తక్కువ ఉండాల్సిందే. ఇప్పుడు అక్కడ దుకాణాల్లో అమ్మే సరుకులో టీహెచ్‌సీ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఆ ఘాటు సరుకును "ఇందులో ఏమీ లేదు" అని చెప్పి ఎవరికీ అంటగట్టలేరు. అందుకే ఈ ప్రయోగాల్లో తేలినదాన్ని నేటి సరుకుకు నేరుగా అన్వయించలేం.

మత్తు కోసం కాక నొప్పి మందుగా వాడినప్పుడు నమ్మకం మరింత బరువు మోస్తుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో ఫిలిప్ గెడిన్ బృందం 2022లో 20 అధ్యయనాలను, వాటిలోని 1,459 మంది రోగులను కలిపి చూసింది. ఉత్తిది పుచ్చుకున్నవాళ్లకే నొప్పి గణనీయంగా తగ్గింది. గంజాయి మందు పుచ్చుకున్నవాళ్లకు తగ్గినదానికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే బృందం ఆ అధ్యయనాల గురించి వచ్చిన వార్తలను కూడా సేకరించింది. ఫలితాలు ఎలా ఉన్నా వార్తలు ఎక్కువగా గంజాయిని మెచ్చుకుంటూనే వచ్చాయి. ఆ వార్తలు చదివినవాళ్లే రేపటి అధ్యయనాల్లో రోగులుగా చేరతారు, ఆశను వెంటబెట్టుకుని వస్తారు.

దీనికి తోడు ఇంకో లొసుగు ఉంది. టీహెచ్‌సీ ఉన్న మందు పుచ్చుకుంటే నోరు ఎండుతుంది, తల తిరుగుతుంది. రోగికి ఆ లక్షణాలు తెలుసు. "నాకు అసలుదే వచ్చింది" అని పసిగడతాడు, ఆశ రెట్టింపవుతుంది. ఏ లక్షణమూ రానివాడు "నాకు ఉత్తిదే" అని నీరుగారిపోతాడు. కాగితం మీద ఎవరికీ తెలియని పరీక్ష, లోపల చాలామందికి తెలిసిపోయిన పరీక్ష. అలాంటప్పుడు రెండు గుంపుల మధ్య ఎక్కడైనా కాస్త తేడా కనిపించినా, అందులో కొంత మందుది కాక ఊహది కావచ్చు. దీన్ని సరిచేయడానికి కొందరు పరిశోధకులు ఉత్తి మాత్ర బదులు, నొప్పి మీద పనిచేయకుండా నోరు ఎండేలానో మగతగా ఉండేలానో చేసే వేరే మందును ప్లాసిబోగా వాడుతున్నారు. అప్పుడు రెండు గుంపులకూ ఏదో ఒకటి జరుగుతున్నట్టు అనిపిస్తుంది, ఊహ రెండు వైపులా సమానమవుతుంది. గంజాయి నొప్పి తగ్గించిందన్న వార్త ఈసారి కంటపడితే, ఆ పరీక్షలో ఉత్తిదిగా ఏం వాడారో, తమకు వచ్చింది ఏదో రోగుల్లో ఎంతమంది సరిగ్గా ఊహించారో వెతికి చూడండి. ఈ రెండూ రాసిన అధ్యయనాలు తక్కువే, కానీ ఉన్నాయి.